విద్యా కమిటీ నుంచి తప్పుకుంటున్నారా? రాజీనామా లేఖ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌కి నేను 14 నెలలు విద్యా కమిటీ చైర్‌పర్సన్‌గా ఉన్నాను. మా ఇంట్లో కుట్టు మిషను తప్ప ఇంకో ఆఫీసు లేదు. ఒక ఖర్చు విషయంలో మాట పడక తప్పుకున్నాను. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ల తల్లులు, ఒకరిద్దరు తండ్రులు ఇదే సంగతి అడుగుతూ ఉంటే, అందరికీ ఒకచోట జవాబు చెబుదామని ఇది రాశాను. ఊరి పేరు, బడి పేరు, మనుషుల పేర్లు రాయలేదు.

మన కమిటీకి అసలు ఏ అధికారం ఉంది? అది తెలియకుండా రాజీనామా ఎందుకు?

2009 విద్యా హక్కు చట్టంలో 21వ సెక్షన్ ఈ కమిటీకి పునాది. కాగితాల్లో దీన్నే పాఠశాల యాజమాన్య కమిటీ అంటారు. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు. ఆరు నుంచి పది వరకు ఉన్న మా బడిలో అలా పదిహేను మందిమి. చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్ ఆ పదిహేను మందిలోంచే వస్తారు. హెడ్మాస్టరు కన్వీనర్. కాలం రెండేళ్లు. మా కమిటీ 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో వచ్చింది.

బడి నడకను చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతుందో గమనించడం చట్టం మనకిచ్చిన పనులు. ఈ చివరి పని దగ్గరే పేచీలు పుడతాయి. ప్రైవేటు బడికి ఈ లెక్క వర్తించదు. ఎయిడెడ్ బడిలో ఈ కమిటీది సలహా పాత్ర మాత్రమే. కాబట్టి ఇక్కడ రాసేదంతా ప్రభుత్వ, పరిషత్ బడుల గురించే అనుకోండి.

మీ దగ్గర గొడవ దేని మీద వచ్చింది?

మా బడిలో 186 మంది పిల్లలు. 101 నుంచి 250 మంది వరకు ఉన్న బడికి సమగ్ర శిక్ష నుంచి ఏడాదికి 50 వేల రూపాయల కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. 2025 జూలై 19న సమావేశం జరిగింది. కుళాయి మరమ్మతు, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు, భోజనంలో గుడ్లు అని మూడు విషయాలు మాట్లాడుకుని లేచాం. ఆగస్టు 23న మళ్లీ కూర్చున్నప్పుడు నేను మినిట్స్ పుస్తకం వెనక్కి తిప్పాను. 41వ పేజీలో నాలుగో అంశం కనిపించింది. రంగులకి, నల్లబల్లల మరమ్మతుకి 18,400 రూపాయలు ఆమోదించినట్టు ఉంది. కింద మా అందరి సంతకాలూ ఉన్నాయి.

సంతకాలు మావే, దొంగవి కావు. మా దగ్గర అలవాటు ఏంటంటే, సమావేశానికి రాగానే పుస్తకం చేతికిచ్చి హాజరు సంతకాలు తీసుకుంటారు. అవి పేజీ అడుగున పడతాయి. పైన ఖాళీ. తీర్మానాలు మాస్టారు తర్వాత తీరిగ్గా రాసుకుంటారు. సగం మంది తల్లులు పొలం పనులకి, ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్లాల్సినవాళ్లు. మగవాళ్లు విశాఖలోనో చెన్నైలోనో ఉంటారు. సంరక్షకురాలిగా వచ్చిన ఒక ముసలమ్మ వేలిముద్ర వేసి వెళ్లిపోతుంది. ఎవరూ ఎవరినీ మోసం చేద్దామని మొదలైన అలవాటు కాదది. కానీ గొడవ వచ్చిన రోజున మన చేతిలో ఏమీ లేకుండా చేసేది కూడా అదే.

అప్పుడే రాజీనామా చేసేయొచ్చు కదా?

చేస్తే తప్పు చేసేదాన్ని. రాజీనామా లేఖ మీ చేతిలోంచి వెళ్లే చివరి కాగితం కావాలి. అదే మొదటిదైతే, "ఈవిడ ఎప్పుడూ నోరు విప్పలేదు, ఇప్పుడు కోపంతో వెళ్తోంది" అంటారు. దాన్ని కాదనడానికి పుస్తకంలో ఒక్క గీత కూడా ఉండదు. తప్పుకున్నాక ఆ పుస్తకం అడిగే వీలు కూడా తగ్గిపోతుంది.

నేను ఆగస్టు 25, సోమవారం, తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి కన్వీనర్‌కి ఇచ్చాను. 41వ పేజీ నాలుగో అంశానికి సంబంధించిన బిల్లులు, కొటేషన్లు వచ్చే సమావేశంలో చూపించమని అడిగాను, అంతే. రెండో కాపీ మీద "అందినది" అని రాయించి తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకున్నాను. మాస్టారు ముద్ర వేస్తూ, "ఏటమ్మా, మన మధ్య ఈ కాగితాలెందుకు" అన్నారు. "నాకు మతిమరుపు మాస్టారూ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ముద్ర మాత్రం పడింది.

సెప్టెంబరు 20 సమావేశానికి బిల్లులు రాలేదు. అప్పుడు నా అభిప్రాయాన్ని మినిట్స్‌లోనే రాయమన్నాను. కొంచెం సేపు వద్దన్నారు. చివరికి రెండు వాక్యాలు ఎక్కాయి: "జూలై 19 నాటి నాలుగో అంశం సమావేశంలో చర్చకు రాలేదని చైర్‌పర్సన్ తెలిపారు. బిల్లులు తదుపరి సమావేశంలో ఉంచుతామని కన్వీనర్ తెలిపారు." ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఈ కమిటీ మినిట్స్ రహస్యపత్రాలేమీ కావు. నిర్ణయాలు రాయాలి, జనానికి అందుబాటులో ఉంచాలి అన్నది విద్యా హక్కు నియమాల్లోనే ఉంది.

అసమ్మతి రాయడానికి ఒప్పుకోకపోతే?

మీ సంతకం పక్కనే, మీ చేతిరాతతో, "3వ అంశానికి సమ్మతి లేదు" అని రాసి తేదీ వేయండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుస్తకమే చేతికివ్వకపోతే, మరునాడే అదే మాట ఉత్తరంగా రాసి, మండల విద్యాశాఖాధికారి, అదే ఎం.ఈ.ఓ. కార్యాలయానికి కాపీ పెట్టి, స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదే మీకు ముద్ర.

ఏ సమయంలో తప్పుకోవాలని తెలిసింది?

అక్టోబరు 14న పేమెంట్ అడ్వైస్ మీద సంతకానికి కబురొచ్చింది. ఆన్‌లైన్లో తయారు చేసి, ప్రింటు తీసి, ఇద్దరు సంతకం పెట్టి బ్యాంకుకిచ్చే కాగితం అది. అందరూ "ఎట్టీ అమ్మా, ఏటైపోద్ది" అన్నారు. మా ఆడపడుచు కూడా అంది. బిల్లులు చూడకుండా పెట్టలేను, పెట్టకపోతే రంగులేసినవాడి డబ్బు ఆగిపోతుంది. ఆ కుర్రాడిది మా పక్క ఊరే. నా సంతకం పని ఆపడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని స్థితి వచ్చిందని అప్పుడనిపించింది. ఇది నా కొలత. మీకు వేరే ఉండొచ్చు.

చైర్‌పర్సన్ పదవి వదలాలా, సభ్యత్వం కూడా వదలాలా?

ఇవి రెండు వేర్వేరు సంగతులు. చాలామంది "కమిటీకి రాజీనామా" అని ఒకే మాట రాసి రెండూ పోగొట్టుకుంటారు. మీ క్లాసు తల్లిదండ్రులు మిమ్మల్ని సభ్యురాలిగా ఎన్నుకున్నారు, సభ్యులు మిమ్మల్ని చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు. రెండోది వదిలి మొదటిది ఉంచుకోవచ్చు. అలా చేస్తే సంతకం బాధ్యత పోతుంది, సమావేశంలో కూర్చుని అడిగే చోటు మిగులుతుంది. ఖర్చు మీద గొడవైతే నేను దీన్నే చెబుతాను. నేనూ అదే చేశాను.

మనుషులతోనే పొసగక, ఆ గదిలోకి వెళ్లబుద్ధి కావడం లేదంటే రెండూ వదిలేయండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఏది వదులుతున్నారో విషయం వాక్యంలోనే తెలిసిపోవాలి.

లేఖలో ఏం రాయాలి? ఒక నమూనా చూపిస్తారా?

నా లేఖే ఇస్తాను, గుర్తులు తీసేసి.

> తేదీ: 18-10-2025
>
> పాఠశాల యాజమాన్య కమిటీ కన్వీనర్ గారికి,
>
> విషయం: చైర్‌పర్సన్ బాధ్యత నుంచి తప్పుకోవడం – సభ్యురాలిగా కొనసాగడం గురించి.
>
> అయ్యా,
>
> 2024 ఆగస్టు నుంచి ఈ కమిటీకి చైర్‌పర్సన్‌గా ఉన్నాను.
>
> 19-07-2025 నాటి మినిట్స్ 41వ పేజీలో నాలుగో అంశంగా రూ. 18,400 ఖర్చుకు ఆమోదం నమోదై ఉంది. ఆ సమావేశానికి మొదటి నుంచి చివరి వరకు నేను అధ్యక్షత వహించాను. ఆ అంశం చర్చకు రాలేదు. 25-08-2025న బిల్లుల కోసం లేఖ ఇచ్చాను. 20-09-2025 నాటి మినిట్స్‌లో నా అభిప్రాయం నమోదైంది. ఈ రోజు వరకు బిల్లులు నేను చూడలేదు. అందువల్ల 14-10-2025న ఇచ్చిన పేమెంట్ అడ్వైస్ మీద సంతకం చేయలేదు.
>
> ఈ పరిస్థితిలో చైర్‌పర్సన్ బాధ్యత నిర్వహించలేను. ఈ నెల 31వ తేదీ నుంచి తప్పుకుంటున్నాను. తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల ప్రతినిధిగా సభ్యురాలిగా కొనసాగుతాను.
>
> ఈ లేఖను తదుపరి సమావేశంలో చదివి మినిట్స్‌లో చేర్చవలసిందిగా, బ్యాంకు ఖాతాలో సంతకం మార్పుకు తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. నా దగ్గర కమిటీకి చెందిన పుస్తకాలు, నగదు, ముద్రలు ఏవీ లేవు.
>
> ఇట్లు,
> (సంతకం)
>
> కాపీ: మండల విద్యాశాఖాధికారి గారికి.

ఇంత చప్పగా ఉందేంటి? మన బాధ ఎక్కడ కనబడింది?

నా మొదటి చిత్తు ఇంత చప్పగా లేదు. రాత్రి పదకొండుకి రాశాను. "పిల్లల డబ్బు పక్కదారి పట్టింది", "నన్ను కీలుబొమ్మను చేశారు", "ఆత్మాభిమానం చంపుకోలేక" అని మూడు మాటలు అందులో ఉన్నాయి. పొద్దున్న మా అబ్బాయి చదివి, "అమ్మా, పక్కదారి పట్టిందని నీకెలా తెలుసు?" అన్నాడు. తొమ్మిదో క్లాసు వాడు. నాకు తెలీదు. నాకు తెలిసింది బిల్లులు చూడలేదన్నదే.

అప్పటి నుంచి ప్రతి వాక్యానికీ ఒకటే పరీక్ష పెట్టుకున్నాను: దీన్ని ఏ పేజీ, ఏ తేదీ, ఏ కాగితం చూపించి నిలబెట్టగలను? పక్కదారి అన్న మాటకి కాగితం లేదు, కొట్టేశాను. "బిల్లులు లేవు" అన్న మాటకీ లేదు. బిల్లులు ఉండి నాకు చూపించకపోయి ఉండొచ్చు కదా. "నేను చూడలేదు" అన్నదానికి నేనే సాక్షిని. "చర్చకు రాలేదు" అని గట్టిగా రాయగలిగానంటే, ఆ రోజు మొదటి నుంచి చివరి వరకు కుర్చీలో ఉన్నాను కాబట్టి. మధ్యలో టీ పెట్టించడానికి లేచి ఉంటే "నేను ఉన్నంతసేపు చర్చకు రాలేదు" అని రాయాల్సి వచ్చేది.

తర్వాత జరిగింది చెబితే ఈ జాగ్రత్త ఎందుకో మీకే అర్థమవుతుంది. నవంబరు సమావేశానికి బిల్లులు వచ్చాయి. రంగుల దుకాణం బిల్లు, వడ్రంగి బిల్లు కలిపి 16,900. మిగతా 1,500 కూలీకి చేతికిచ్చినది, రసీదు లేదు. పని జరిగింది. గోడలు నేనూ చూశాను. తప్పు తీర్మానం రాసిన పద్ధతిలోనూ, ఆ 1,500 రసీదులోనూ ఉంది. నా చిత్తు లేఖ వెళ్లి ఉంటే అందులో సగం అబద్ధమయ్యేది. నేను పంపిన లేఖలో ఈ రోజుకీ దిద్దాల్సిన మాట లేదు.

కారణం రాయకుండా "వ్యక్తిగత కారణాల వల్ల" అంటే సరిపోదా?

నిజంగా వ్యక్తిగత కారణమే అయితే సరిపోతుంది. గొడవ ఖర్చు మీద అయ్యి, మీరు ఇలా రాస్తే, రేపు ఆడిట్‌లో ఆ ఖర్చు బయటికొచ్చినప్పుడు "అప్పుడు చైర్‌పర్సన్ ఎవరు, ఆవిడేమంది?" అని వెతుకుతారు. మీ లేఖలో ఏమీ ఉండదు. కుటుంబం మాట కాదనలేక చాలామంది ఈ వాక్యం రాస్తారని తెలుసు. అలాగైతే కనీసం అంతకుముందు మినిట్స్‌లో మీ అసమ్మతి ఉండేలా చూసుకోండి.

మా ఆయనే సమావేశాలకి వెళ్లేవాడు. పుస్తకంలో పేరు నాది. నేనేం రాయాలి?

ఇది మన వైపు ఇంటింటి కథ. పుస్తకంలో సంతకం ఎవరు పెట్టారన్నది ముందు చూసుకోండి. మీ పేరు మీద ఆయన పెట్టి ఉంటే, "ఆ సమావేశంలో చర్చకు రాలేదు" అని మీరు రాయలేరు, మీరు అక్కడ లేరు. "ఆ సమావేశానికి నేను హాజరు కాలేదు" అన్నదే మీ నిజం. అది రాస్తే ఇబ్బంది ఇంట్లో మొదలవుతుందని నాకు తెలుసు. అయినా మీ పేరు మీద బతికే కాగితం అది. రాయలేకపోతే ఏ ఖర్చు ఊసూ ఎత్తకుండా తప్పుకుంటున్నానని మాత్రం రాయండి. చూడని సంగతికి సాక్ష్యం చెప్పడం మాత్రం వద్దు.

లేఖ ఎవరికివ్వాలి? తీసుకోకపోతే?

కమిటీకి కన్వీనర్ ద్వారా. చైర్‌పర్సనే తప్పుకుంటుంటే వైస్ చైర్‌పర్సన్‌కి ఒక కాపీ, ఎం.ఈ.ఓ.కి ఒక కాపీ. ఇప్పుడు మండలానికి ఇద్దరు ఎం.ఈ.ఓ.లు ఉన్నారు కాబట్టి మీ బడి ఎవరి కిందకొస్తుందో బడిలోనే అడిగి రాయండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టు. వాట్సాప్‌లో ఫోటో పెట్టి "ఇచ్చేశాను" అనుకోకండి.

ఇచ్చిన రోజు నుంచే బాధ్యత పోతుందా?

మీ మాట ఆ రోజు నుంచి చెల్లుతుంది గానీ, లోకం దాన్ని వెంటనే చూడదు. సమావేశంలో చదివి తీర్మానం రాసే వరకు పుస్తకంలో మీ పేరే ఉంటుంది. బ్యాంకుకి కమిటీ తీర్మానం చేరే వరకు సంతకం మీదే చెల్లుతుంది. అందుకే నేను 31 వరకు తేదీ పెట్టి మధ్యలో పదమూడు రోజులు వదిలాను. ఆ వ్యవధిలో బ్యాంకు మేనేజరుకి కూడా ఒక చిన్న ఉత్తరం ఇచ్చాను: "31-10-2025 నుంచి ఈ ఖాతాపై నేను సంతకం చేయను, మార్పు కమిటీ నుంచి వస్తుంది." అందులో గొడవ గురించి ఒక్క ముక్క రాయలేదు. బ్యాంకుకి దానితో పని లేదు.

ముందు మీరు పెట్టిన సంతకాలకి రాజీనామా తర్వాత కూడా మీరే జవాబుదారు. సంతకం పెట్టిన ఖర్చుల జాబితా, తేదీలతో, ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ముందుగా సంతకం చేసిన ఖాళీ చెక్కులు బడిలో ఉంటే, లేఖ ఇచ్చే ముందే వెనక్కి అడిగి, నంబర్లు రాసి, కన్వీనర్ ఎదురుగా రద్దు చేయించండి. ఈ ఒక్క పని మర్చిపోయినవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఊరి వాట్సాప్ గ్రూపులో లేఖ పెట్టొచ్చా?

నేను పెట్టలేదు. అధికారి దగ్గరకి మంచి మనసుతో చేసిన ఫిర్యాదుకి చట్టంలో రక్షణ ఉంది. మూడు వందల మంది ఉన్న గ్రూపులో ఒకరి మీద వేసిన మాటకి అంత సులువుగా దొరకదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం గురించే చెబుతుంది. ఎవరైనా గ్రూపులో అడిగితే, "చైర్‌పర్సన్‌గా తప్పుకున్నాను, కారణం లేఖలో ఉంది, లేఖ కమిటీ దగ్గర ఉంది" అన్నాను. అదే మాట పాల దుకాణం దగ్గర కూడా అన్నాను. వేరే చోట వేరే మాట అనకపోవడం వల్ల నాకు గుర్తుపెట్టుకునే శ్రమ తప్పింది.

నిజంగానే డబ్బు పోయిందని నమ్ముతుంటే?

అప్పుడు రాజీనామా లేఖలో కాదు, వేరే ఫిర్యాదుగా రాయండి. రెండూ కలిపితే లేఖ ఫిర్యాదులా చదువుతారు, ఫిర్యాదుని అలకలా చదువుతారు. ముందు సమాచార హక్కు చట్టం కింద ఆ ఏడాది గ్రాంటు ఖర్చు పత్రాలు, మినిట్స్ నకళ్లు అడగండి. మండల స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుం 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుమే లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాలు చేతికొచ్చాక ఏం రాయాలో అవే చెబుతాయి.

మన పిల్లాడు అక్కడే చదువుతున్నాడు. వాడి మీద చూపిస్తారేమో?

నాకూ భయమేసింది. అందుకే లేఖలో ఏ టీచరు పేరూ రాయలేదు, పదవి పేర్లే రాశాను. "కన్వీనర్" అని రాసినప్పుడు మనిషి కొంచెం దూరంగా నిలబడతాడు. లేఖ ఇచ్చిన మరుసటి వారం పేరెంట్స్ మీటింగుకి మామూలుగానే వెళ్లి, లెక్కల మాస్టారిని మా వాడి మార్కుల గురించి మాత్రమే అడిగాను. ఏదైనా తేడా కనిపిస్తే తేదీ రాసి పెట్టుకుందామనుకున్నాను. ఆ నోటు పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మనసు మార్చుకుంటే లేఖ వెనక్కి తీసుకోవచ్చా?

సమావేశంలో చదివి తీర్మానం అయ్యే లోపు ఇంకో లేఖ ఇచ్చి వెనక్కి తీసుకోమని అడగొచ్చు. తీర్మానం అయ్యాక కొత్త చైర్‌పర్సన్ వచ్చేస్తారు, ఇంక మళ్లీ ఎన్నికలే. మా దగ్గర వైస్ చైర్‌పర్సన్ ఆ కుర్చీలోకి వచ్చింది. ఆమె మొదటి సమావేశంలో చేసిన పని, హాజరు సంతకాలకి వేరే పుస్తకం పెట్టించడం. తీర్మానాలు రాసి, చదివి వినిపించాకే వాటి కింద సంతకాలు తీసుకుంటున్నారు. పావుగంట ఎక్కువ పడుతోందని కొందరు విసుక్కుంటున్నారు.